పోలిక చెదరకుండా ముఖాన్ని మట్టిబొమ్మ చేయడం
(ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టాను, ముందు వాటిని ఒక్క నిమిషం చూడండి. ఎడమ వైపున ఒక నడివయసు మనిషి ఫోటో ఉంది. నుదురు వెడల్పు, జుట్టు కాస్త వెనక్కి జరిగింది, సన్నటి గుండ్రటి కళ్ళజోడు, ఒత్తుగా మీసం, పెదాలు మూసుకునే నవ్వుతున్నారు. కుడి వైపున అదే ఫోటో నుంచి కంప్యూటర్ చేసిన మట్టిబొమ్మ ఉంది. చూడ్డానికి ముచ్చటగా ఉంది, మట్టి మట్టిలాగే ఉంది. అయితే అది ఆయన కాదు. కళ్ళజోడు, మీసం ఉన్న ఎవరో చిన్నపిల్లాడిలా తయారయ్యారు. ఈ పని మొదలుపెట్టిన వాళ్ళకి దాదాపు అందరికీ మొదట ఎదురయ్యేది ఇదే. మట్టి వస్తుంది, మనిషి పోతాడు. ఈ రోజు మాట్లాడేదంతా దీని గురించే.

ఈ పనికి చాలా దారులున్నాయి. ఫోన్‌లో ఒక్క నొక్కుతో చేసిపెట్టే యాప్‌లున్నాయి, బ్లెండర్ అనే త్రీడీ ప్రోగ్రామ్‌లో ముఖాన్ని చెక్కి మట్టి మెటీరియల్ వేసే పద్ధతి ఉంది. నేను ఇక్కడ చెప్పేది స్టేబుల్ డిఫ్యూజన్ ఎక్స్‌ఎల్ అనే బొమ్మలు గీసే ఏఐ మోడల్‌ని మన కంప్యూటర్‌లోనే నడిపి, ఫోటో మీద నుంచి బొమ్మ చేయించే పద్ధతి. ఇందులో ఏ మీట తిప్పితే ఏం మారుతుందో కంటికి కనిపిస్తుంది, అందుకే దీన్ని ఎంచుకున్నాను. ఫోటో మన కంప్యూటర్ దాటి బయటికి పోదు కూడా. ఎవరి ముఖమో వారి అనుమతితోనే తీసుకుంటాం కాబట్టి అదీ ముఖ్యమే.

ముందుగా పోలిక ఎక్కడుంటుందో, మట్టితనం ఎక్కడుంటుందో విడదీసి చూద్దాం. ఒక మనిషిని దూరం నుంచి చూసి గుర్తుపట్టేటప్పుడు మనం చర్మంలోని రంధ్రాలు చూడం. కళ్ళ మధ్య ఎడం, కళ్ళ నుంచి పెదాల దాకా దూరం, గడ్డం పొడవు, కనుబొమ్మల వాలు, వీటిని చూసి గుర్తుపడతాం. అంటే పోలిక కొలతల్లో ఉంది. మట్టితనం ఉండేది ఉపరితలంలోను, వెలుగులోను. అంచులు గుండ్రంగా ఉండడం, మెరుపు పదునుగా కాక వెడల్పుగా పరుచుకోవడం, వేలితో నొక్కిన గుంటలు, జుట్టు వెంట్రుకలుగా కాక ఒక ముద్దగా ఉండడం. ఈ రెండూ వేరువేరు చోట్ల ఉన్నాయి. కాబట్టి ఒకదాన్ని పట్టుకుని రెండోదాన్ని వదిలేయవచ్చు. ఇంతకుముందు చూసిన బొమ్మ ఎందుకు చెడిందంటే, రెండింటినీ ఒకే మీటతో తిప్పబోయారు.

ఆ మీట పేరు `strength`. ఫోటో నుంచి బొమ్మ చేసేటప్పుడు మోడల్ ముందుగా ఫోటో మీద నాయిస్, అంటే అడ్డదిడ్డమైన చుక్కలు చల్లుతుంది, తర్వాత ఆ నాయిస్‌ని అడుగడుగునా తీసేస్తూ మనం మాటల్లో చెప్పినదాని వైపు బొమ్మని లాగుతుంది. ఎంత నాయిస్ చల్లాలో చెప్పేది `strength`. అది 0 అయితే ఫోటో అలాగే ఉంటుంది, 1 అయితే ఫోటోలోది దాదాపు ఏమీ మిగలదు. 32 అడుగులు పెట్టి `strength` 0.75 ఇస్తే నిజంగా నడిచేవి 24 అడుగులే. మొదటి ఎనిమిదీ వదిలేస్తుంది, ఎందుకంటే ఆ దశకి సరిపడా ఆకారం ఫోటోలోనే ఉంది కదా అని.

ఈ ఫోటోకే ఒకే సీడ్‌తో, అంటే ప్రతిసారీ ఒకే తీరు నాయిస్‌తో, నాలుగు మెట్లు వేశాను, వరసగా చూడండి. 0.3 దగ్గర ఫోటోకి కాస్త నునుపు వచ్చింది అంతే, అందం కోసం వేసే ఫిల్టర్ లాగుంది. 0.45 దగ్గర చర్మం మైనంలా మారింది. కానీ జుట్టు ఇంకా నిజం జుట్టే, కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. ఈ నాలుగింటిలో చూడ్డానికి ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే, మైనపు ముఖంలో బతికున్న కళ్ళు. 0.6 దగ్గర మట్టి మొదలైంది, మీసం ముద్దయింది, పోలిక సగం జారింది. 0.75 దగ్గర పూర్తి మట్టి, మనిషి లేడు. అంటే ఈ ఒక్క మీట మీద మట్టీ పోలికా రెండూ బాగుండే చోటు అసలు లేదు. 0.52 పెట్టాలా, 0.55 పెట్టాలా అని గంటలు గంటలు వెతికేవాళ్ళున్నారు. అక్కడ దొరికేది సగం మట్టి, సగం మనిషి మాత్రమే.

పోలిక ఎంత జారిందో కంటితో అంచనా వేయడం కష్టం, ఎందుకంటే పదిసార్లు చూశాక మన కన్ను అలవాటు పడిపోతుంది. కొలిచి చూడాలి. ఈ ఫోటోని 1024 పిక్సెళ్ళ చతురస్రంగా కత్తిరించాను. అందులో రెండు కంటిపాపల మధ్య దూరం 172 పిక్సెళ్ళు, కళ్ళ గీత నుంచి గడ్డం కింది అంచు దాకా 308. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 0.56 వస్తుంది. 0.75 మెట్టు దగ్గర వచ్చిన బొమ్మలో కళ్ళ మధ్య 196, కళ్ళ నుంచి గడ్డానికి 254. భాగిస్తే 0.77. కళ్ళు విడిపోయాయి, గడ్డం పైకి జరిగింది. పసిపిల్లల ముఖం తీరు అదే. బొమ్మ, టాయ్, క్యూట్ లాంటి మాటలు మనం మోడల్‌కి రాసిచ్చే ప్రాంప్ట్‌లో పడగానే మోడల్ ముఖాన్ని ఆ వైపు లాగేస్తుంది, ఎందుకంటే అది చూసి నేర్చుకున్న బొమ్మల్లో ఎక్కువ భాగం అలాంటివే. ఈ ఒక్క నిష్పత్తి కొలుస్తూ పోతే చాలు, దారి తప్పింది ఎప్పుడో ఇట్టే తెలుస్తుంది.

మరి ఏం చేయాలి? `strength`ని మట్టి కోసం ధైర్యంగా 0.75 దగ్గరే ఉంచాలి. పోలికని వేరే దారం పట్టి కట్టేయాలి. ఆ దారమే కంట్రోల్‌నెట్. 2023లో వచ్చిన పద్ధతి ఇది. ఆకారం ఎలా ఉండాలో చెప్పే రెండో బొమ్మని మోడల్‌కి పక్కన చూపిస్తూ ఉంటాం. మనకి కావలసినవి అందులో రెండు, ఒకటి డెప్త్ మ్యాప్, రెండోది అంచుల గీతల బొమ్మ.

డెప్త్ మ్యాప్ అంటే ఏ చోటు కెమెరాకి ఎంత దగ్గరో చెప్పే నలుపు తెలుపు బొమ్మ. దగ్గరిది తెల్లగా, దూరంది నల్లగా ఉంటుంది. ముక్కు కొన తెల్లగా, చెవులు బూడిద రంగులో కనిపిస్తాయి. ఫోటో ఇస్తే దీన్ని అంచనా వేసి ఇచ్చే మోడళ్ళున్నాయి, మిడాస్, డెప్త్ ఎనీథింగ్ లాంటివి. మట్టిబొమ్మకి ఇది ఇంతగా నప్పడానికి కారణముంది. డెప్త్ మ్యాప్‌లో చర్మమూ లేదు, రంగూ లేదు. ఎత్తుపల్లాలే ఉన్నాయి. బొమ్మలు చేసేవాళ్ళు మట్టి ముద్ద మీద మొదట పట్టుకునేదీ ఆ ఎత్తుపల్లాలనే.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది, అందుకే కాస్త నెమ్మదిగా చెబుతాను. మొత్తం ఫోటో మీద, వెనక గోడ, కిటికీ, చెట్లతో సహా డెప్త్ తీస్తారు. ఆ మ్యాప్‌లో నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లే ఉంటాయి. వెనక ఉన్న చెట్టుకీ మనిషికీ మధ్య దూరానికే వాటిలో చాలా ఖర్చైపోతాయి. ముక్కు కొనకీ చెంపకీ మధ్య తేడాకి పదో పరకో మెట్లు మిగులుతాయి. చూస్తే ముఖం ఒక తెల్ల పళ్ళెంలా ఉంటుంది. అది చూసి మోడల్ ఏం చేస్తుంది? ముక్కుని తనకి తోచినట్టు పెట్టేస్తుంది. అందుకని ముందు ముఖాన్ని కత్తిరించండి, వెనక భాగం తీసేయండి, ఆ తర్వాత డెప్త్ తీయండి. వచ్చిన మ్యాప్‌లో ముఖం మీదున్న అతి నల్లటి చోటుని నలుపుకీ, అతి తెల్లటి చోటుని తెలుపుకీ సాగదీయండి. ఇదుగో, ముందూ తర్వాతా చూడండి. సాగదీసిన మ్యాప్‌లో ఈయన ముక్కు మీది చిన్న ఎముక వంపు కూడా కనిపిస్తోంది.

మ్యాప్ రాగానే దాన్ని ఒకసారి పరీక్షగా చూడాలి. ఫోటోలో ముక్కు పక్కన గట్టి నీడ పడితే, డెప్త్ మోడల్ దాన్ని గుంట అనుకోవచ్చు. అప్పుడు బొమ్మలో చెంపకి లోయ పడుతుంది. కళ్ళజోడు అద్దాలని అది ఒక్కోసారి కళ్ళ ముందు నిలబెట్టిన పలక అనుకుంటుంది. అప్పుడు కంటిగుంటలు మాయమై, కళ్ళు అద్దం మీద అంటించినట్టు వస్తాయి. మెత్తటి బ్రష్‌తో ఆ చోటుని కొంచెం నల్లబరిస్తే సరిపోతుంది. అయితే నీడ సంగతి ఫోటో దగ్గరే తేల్చుకోవడం మేలు. ఒక పక్క నుంచి వచ్చే మెత్తని వెలుగులో తీసిన ఫోటోకి ఈ బాధ ఉండదు.

ఫోటో గురించి ఇంకొక్క మాట. చేయి చాచి తీసుకున్న సెల్ఫీ ఈ పనికి పనికిరాదు. కారణం లెక్కలోనే ఉంది. ముక్కు కొన చెవుల కన్నా సుమారు 10 సెంటీమీటర్లు ముందుకుంటుంది. కెమెరా ముక్కుకి 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే చెవులకి 40 దూరం. అంటే చెవులతో పోలిస్తే ముక్కు మూడో వంతు పెద్దగా పడుతుంది. అదే కెమెరా 150 దగ్గరుంటే చెవులు 160 దగ్గరుంటాయి, తేడా ఏడు శాతం లోపే. ఫోటోలో ఆ ఉబ్బిన ముక్కుని మనం పట్టించుకోం, సెల్ఫీ అలాగే ఉంటుందని మనకి తెలుసు. మట్టిలోకి మారాక అది నిజంగానే ఉబ్బిన ముక్కు అయిపోతుంది. ఒకటిన్నర మీటర్ల దూరం నుంచి, ఫోన్ అయితే రెండింతల జూమ్‌తో, వేరేవాళ్ళ చేత తీయించుకున్న ఫోటో కావాలి.

ఇక డెప్త్ ఒక్కటే చాలదు. కనుబొమ్మ డెప్త్‌లో దాదాపు కనిపించదు. చూపు ఏ వైపుందో అసలే తెలియదు. పెదాలు ఎక్కడ కలుస్తాయో ఆ గీత ఉండదు. వీటి కోసమే అంచుల బొమ్మ. క్యానీ పద్ధతిలో, 100, 200 అన్న హద్దులతో తీస్తే నల్లటి పలక మీద తెల్లటి గీతలు వస్తాయి. కానీ దాన్ని అలాగే వాడకూడదు. అందులో నుదుటి ముడతలు, చర్మం మీది మచ్చలు, చొక్కా మీది చారలు అన్నీ గీతలే. మోడల్ వాటిని మట్టి మీద కత్తితో గీసిన గాట్లుగా మారుస్తుంది. ఈ బొమ్మ చూడండి, నుదురంతా దున్నినట్టుంది. కాబట్టి పెయింట్ చేసే ఏ ప్రోగ్రామ్‌లోనైనా ఆ బొమ్మని తెరిచి, నల్లటి బ్రష్‌తో అనవసరమైనవి తుడిచేయండి. కనురెప్పల అంచు, కనుపాపలు, కనుబొమ్మలు, ముక్కుపుటాల వంపు, పెదాల మధ్య గీత, మీసం కింది అంచు, కళ్ళజోడు, ముఖం చుట్టుగీత ఉంచండి. ఒకవేళ ఆ మనిషిని గుర్తుపట్టించే లోతైన ముడత ఉంటే, నవ్వినప్పుడు ముక్కు నుంచి పెదవి మూలకి వచ్చే గీత లాంటిది, దాన్ని మాత్రం ఉంచండి. తుడవడానికి ఐదు నిమిషాలు పడుతుంది. మొత్తం పనిలో ఎక్కువ ఫలితం ఇచ్చే ఐదు నిమిషాలు అవే.

కళ్ళజోడుతో ఇంకో చిక్కుంది. ఈయన కళ్ళజోడు తీగ ఫోటోలో 3 పిక్సెళ్ళ మందమే. స్టేబుల్ డిఫ్యూజన్ బొమ్మని నేరుగా పిక్సెళ్ళలో గీయదు. 8 పిక్సెళ్ళ పొడవు, 8 పిక్సెళ్ళ వెడల్పున్న గడిని ఒక్క చుక్కగా కుదించుకుని పనిచేస్తుంది. 1024 పిక్సెళ్ళ బొమ్మ దానికి 128 గడుల బొమ్మ. అందులో మూడు పిక్సెళ్ళ తీగ అరగడి కూడా కాదు. అందుకే సన్నటి ఫ్రేములు ఒక చోట కనిపించి ఇంకో చోట తెగిపోతాయి, లేదా చెంపలో కరిగిపోతాయి. మందు సులువే. ఫోటోలోనే ఆ తీగ మీద 10, 12 పిక్సెళ్ళ మందంతో గీత దిద్దండి, ఆ తర్వాతే అంచుల బొమ్మ తీయండి. మట్టిబొమ్మకి పెట్టే కళ్ళజోడు కూడా ముఖం సైజుతో పోలిస్తే మందంగానే ఉంటుంది కాబట్టి ఎబ్బెట్టుగా అనిపించదు.

ఇప్పుడు మాటలకి వద్దాం. మోడల్‌కి ఇచ్చిన ప్రాంప్ట్ ఇది.

```
clay figurine of a middle-aged man, receding hairline,
thick moustache as a separate rolled piece, round wire glasses,
mouth closed, matte plasticine, dark brown clay skin,
hair as one carved slab, thumb dents, window light from the left
```

మనిషి గురించిన మాటలు ముందు, మట్టి గురించినవి తర్వాత పెట్టాను. ఈ మోడల్ ఒక హద్దు దాటిన మాటల్ని చదవదు. 77 టోకెన్ల, అంటే మాట ముక్కల తర్వాత ఉన్నది కోసేస్తుంది, కాబట్టి ముఖ్యమైనవి చివర్లో పడకూడదు. క్యూట్ అన్న మాట లేదు, టాయ్ లేదు, కారణం ఇందాకే చెప్పాను. వయసు చెప్పడం తప్పనిసరి. చెప్పకపోతే వయసు బాగా తగ్గించేస్తుంది.

జుట్టుని చెక్కిన ఒక ముద్దగా, మీసాన్ని చుట్టి అతికించిన వేరే ముక్కగా చెప్పడం గమనించండి. ఉత్తినే క్లే అంటే మోడల్ చర్మాన్ని మట్టి చేసి జుట్టుని జుట్టుగానే వదిలేస్తుంది. చేత్తో బొమ్మ చేసే మనిషి మీసాన్ని ఎలా చేస్తారు? చిన్న ముద్ద తీసుకుని, అరచేతుల్లో చుట్టి, పెదవి పైన అంటించి నొక్కుతారు. ఆ చేసే తీరు మాటల్లో పెడితే మోడల్ దాన్నే పట్టుకుంటుంది. పళ్ళు కనిపించే నవ్వైతే పళ్ళన్నీ కలిపి ఒక తెల్లటి మట్టి పట్టీ అని చెప్పాలి. లేకపోతే చిన్న చిన్న నిజం పళ్ళు బోలెడు వస్తాయి, చూడలేం.

వేలిముద్రల సంగతి కూడా చెప్పాలి. అందరూ ఫింగర్‌ప్రింట్స్ అని రాస్తారు, మట్టి అంటే వేలిముద్రలుండాలి కదా అని. నాలుగు సెంటీమీటర్ల ఎత్తున్న మట్టి తల ఊహించుకోండి. మన వేలిముద్ర గీతల మధ్య ఎడం అర మిల్లీమీటరు. మన బొమ్మలో తల 640 పిక్సెళ్ళుంది, కాబట్టి ఆ గీతలు 8 పిక్సెళ్ళకొకటి రావాలి. ఇందాక చెప్పుకున్న గడి సైజు సరిగ్గా అంతే. కాబట్టి మోడల్ వాటిని సరిగ్గా గీయలేదు. ముఖం మీద చెద పట్టినట్టు మరకలొస్తాయి. లేదంటే గీతల్ని బాగా పెద్దవి చేసేస్తుంది, అప్పుడు తల గోళీ అంతే ఉన్నట్టు అనిపిస్తుంది. అందుకే నేను బొటనవేలి గుంటలు అడిగాను. బొటనవేలి కొన ఒకటిన్నర సెంటీమీటర్లు, నాలుగు సెంటీమీటర్ల తలలో మూడో వంతు కన్నా ఎక్కువ. చెంప మీద ఒకటి, నుదుటి పక్కన ఒకటి వెడల్పాటి గుంటలు చాలు, ఇది చేత్తో చేసిందని కన్ను నమ్మేస్తుంది.

మొత్తం కలిపి నడిపే భాగం ఇంతే. `pipe` అంటే డిఫ్యూజర్స్ అనే పైథాన్ లైబ్రరీలో రెండు కంట్రోల్‌నెట్‌లు జతచేసిన `StableDiffusionXLControlNetImg2ImgPipeline`.

```python
out = pipe(
    prompt, negative_prompt="photo, skin pores, wet eyes, baby face",
    image=photo, control_image=[depth, edges],
    strength=0.75, num_inference_steps=32, guidance_scale=6,
    controlnet_conditioning_scale=[0.6, 0.35],
    control_guidance_end=[0.7, 0.5],
    generator=torch.Generator("cuda").manual_seed(41),
).images[0]
```

డెప్త్‌కి 0.6, అంచులకి 0.35 ఇచ్చాను. అంచుల బలం పెంచితే మట్టి గుండ్రదనం పోయి గీసిన బొమ్మ అవుతుంది. డెప్త్‌ని 1 దాకా పెంచితే ఫోటోలోని ప్రతి చిన్న మెలికా అచ్చుపడి, బొమ్మ కాస్తా మనిషి ముఖానికి తీసిన అచ్చులా తయారవుతుంది. `control_guidance_end` అన్నది ఎక్కడ చేయి వదలాలో చెబుతుంది. నడిచే 24 అడుగుల్లో మొదటి 12 దాకా అంచులు, 16 దాకా డెప్త్ పట్టుకుంటాయి, ఆ తర్వాత మోడల్‌ని వదిలేస్తాం. ఆకారం మొదటి అడుగుల్లోనే కుదురుకుంటుంది, ఉపరితలం చివరి అడుగుల్లో వస్తుంది. చివరిదాకా పట్టుకునే ఉంటే మట్టికి ఒదిగే జాగా ఉండదు.

ఫలితం చూడండి. కళ్ళ మధ్య 176, కళ్ళ నుంచి గడ్డానికి 300. భాగిస్తే 0.59. ఫోటోలో 0.56 కదా, ఈ కాస్త తేడా మట్టి మందం వల్ల వచ్చేదే. గడ్డం అంచు గుండ్రబడింది. ఇప్పుడు ఆయన ఆయనలా ఉన్నారు. బొమ్మని బొటనవేలి గోరంత చేసి ఫోటో పక్కన పెట్టి చూడండి, అప్పుడు కూడా ఇద్దరూ ఒకరేనని తెలియాలి. ఇంకా మంచి పరీక్ష ఏమిటంటే, ఆ మనిషిని ఎరిగిన వాళ్ళకి పేరు చెప్పకుండా చూపించడం.

రెండు దిద్దుబాట్లు మిగిలాయి. మొదటిది రంగు. ఈయన చామనఛాయ. ప్రాంప్ట్‌లో ముదురు గోధుమ రంగు అని చెప్పినా చర్మం తేలికబడింది. మోడల్‌కి ఆ వంపు ఉంది, దాన్ని చూసీ చూడనట్టు వదిలేయకూడదు. ఒక మనిషి రంగు మార్చేస్తే ఆ బొమ్మ ఆ మనిషిది కాదు. ప్రాంప్ట్‌లో స్టూడియో లైట్ అని రాసి ఉంటే ముందు అది తీసేయండి, అది అంతా తెల్లబరుస్తుంది. అయినా తేడా ఉంటే, రంగుని ల్యాబ్ పద్ధతిలో కొలిచే ఏ ప్రోగ్రామ్‌లోనైనా ఫోటోలో వెలుగూ నీడా సమంగా ఉన్న చెంప దగ్గర వెలుగుని చెప్పే `L` విలువ చూడండి. ఇక్కడ అది 48. బొమ్మలో అదే చోట 61 ఉంది. చర్మం వరకే ఎంపిక చేసి, `L`ని 13 దించి, రంగుని చెప్పే `a`, `b`ల్ని కూడా ఫోటోకి దగ్గర చేయండి. మెరుపు పడిన చోట్లని మాత్రం దించకండి, దించితే మట్టి బూడిదలా చచ్చుబడిపోతుంది.

రెండోది కళ్ళు. 1024 బొమ్మలో ఒక్కో కన్ను నిండా డెబ్బై పిక్సెళ్ళుండదు, అంటే ఎనిమిదో తొమ్మిదో గడులు. అంత చోటులో చూపు నిలబడదు, ఒక కన్ను ఒక వైపూ ఇంకోటి ఇంకో వైపూ చూస్తాయి. రెండు కళ్ళూ కలిసొచ్చేలా 320 పిక్సెళ్ళ వెడల్పున్న ముక్క కత్తిరించి, దాన్ని 1024కి పెంచి, అదే ప్రాంప్ట్‌లో కళ్ళు మెరుపు లేని నల్ల పూసలు అని చేర్చి, 0.4 `strength`తో ఒక్కసారి నడపండి. తిరిగి చిన్నది చేసి అతికించండి. అంచుల దగ్గర 20 పిక్సెళ్ళ మేర మెత్తగా కలిపితే అతుకు కనిపించదు. ఫోటోలో కంటి మీద పడిన కిటికీ మెరుపు ఈ దశలో మళ్ళీ వచ్చిందంటే `strength`ని 0.5 చేయండి. ఆ తడి మెరుపు ఒక్కటి మిగిలినా మట్టంతా అబద్ధంలా కనిపిస్తుంది.

ఇప్పుడు ప్రశ్నలు తీసుకుంటాను.

సభలోంచి ఒకరు: సార్, పెద్ద తల, చిన్న ఒళ్ళు ఉండే బొమ్మలు చేయాలంటే ఎలా? డెప్త్ పట్టుకుంటే తల పెరగదు కదా?

అవునండీ, పెరగదు. పెద్ద తల అని ఎంత రాసినా డెప్త్ మ్యాప్ ఒప్పుకోదు. దాన్ని వదిలేస్తే పోలిక పోతుంది. అందుకని తలని ముందే పెంచాలి. ఫోటోలో తలని మెడ దగ్గర కత్తిరించి, మొత్తంగా 1.4 రెట్లు పెంచి, మళ్ళీ అదే మెడ మీద పెట్టండి. అతుకు వికారంగా ఉన్నా ఫరవాలేదు, మట్టిలో పోతుంది. ఆ అతికించిన ఫోటో మీద డెప్త్, అంచులు తీయండి. తల మొత్తం ఒకే లెక్కన పెరిగింది కాబట్టి ముఖంలోని నిష్పత్తులు చెక్కుచెదరవు. కళ్ళు మాత్రమే పెంచాలనుకుంటే పది, పదిహేను శాతం దాటకండి. పెంచేటప్పుడు కంటిపాపని నడిమి చేసుకుని పెంచండి, అప్పుడు రెండు పాపల మధ్య దూరం మారదు.

మరొకరు: మేడమ్ వాళ్ళ లాంటి ముఖాలకి, అంటే ఆడవాళ్ళకి, లిప్‌స్టిక్ దానంతటదే వచ్చేస్తోందండీ.

వస్తుంది. పెదాల రంగు ఏదో చెప్పనప్పుడు మోడల్ తనకి అలవాటైనది వేస్తుంది. పెదాలు కూడా చర్మం రంగు మట్టే అని ప్రాంప్ట్‌లో రాయండి, `lips in the same clay as the skin` అని. వద్దనే జాబితాలో, అంటే `negative_prompt`లో లిప్‌స్టిక్, పొడవాటి కనురెప్పల వెంట్రుకలు చేర్చండి. రెండూ చేస్తేనే తగ్గుతుంది, ఒక్కటి సరిపోదు.

ఇంకొకరు: ఈ బొమ్మని త్రీడీ ప్రింటర్‌లో నేరుగా వేయొచ్చా?

వేయలేమండీ. ఇది త్రీడీలా కనిపించే ఒక చదును బొమ్మ. డెప్త్ మ్యాప్ మన దగ్గరుంది కాబట్టి దాన్ని ఎత్తులుగా మార్చి, నాణెం మీది ముఖంలా పైకి ఉబ్బిన పలకని ప్రింట్ చేయొచ్చు. దానికైనా ఫోటో డెప్త్ వాడకూడదు, ఈ మట్టిబొమ్మ మీద కొత్తగా తీసిన డెప్త్ వాడాలి, ఎందుకంటే జుట్టు ముద్ద, మీసం మందం అందులోనే ఉన్నాయి. పూర్తి బొమ్మ కావాలంటే చెవుల వెనక ఏముందో, తల వెనక వంపు ఎలా ఉందో తెలియాలి, ఎదుటి నుంచి తీసిన ఒక్క ఫోటోలో అది లేదు. కనీసం రెండు పక్కల నుంచీ వెనక నుంచీ తీసిన ఫోటోలు కూడా పెట్టుకుని, మట్టిబొమ్మని పక్కన నమూనాగా ఉంచుకుని, బ్లెండర్‌లో చెక్కుకోవాలి.